ఇంటిగ్రేట్ చేయకుండా హద్దులు చెప్పే లెక్కలు: పరీక్షకు ముందు కొన్ని జాగ్రత్తలు

ఇంటర్ పరీక్షలు అయిపోగానే ఎంట్రన్సుల హడావిడి మొదలవుతుంది. డెఫినిట్ ఇంటిగ్రల్స్ అనగానే పిల్లలు ఫార్ములాల పట్టిక, ప్రాపర్టీల పట్టిక బట్టీ పట్టేస్తారు. ఈ చాప్టర్లో ఒక మూల మాత్రం ఎవరూ తిరగేయకుండానే హాల్లోకి వెళ్లిపోతారు. ఇంటిగ్రల్ విలువ కాకుండా, అది ఏ రెండు సంఖ్యల మధ్య ఉంటుందో అడిగే లెక్కలు అవి. చూడటానికి చాలా తేలిక. తప్పులు కూడా అక్కడే ఎక్కువ.

మొదటి జాగ్రత్త పెన్ను ఎత్తకముందే తీసుకోవాలి. ముందు ఆప్షన్లు చూడండి. అవి ఒక్కో సంఖ్యగా కాకుండా "ఇంత నుంచి ఇంత వరకు" అని ఉంటే ఇంటిగ్రేట్ చేసే ప్రయత్నం మానేయండి. ∫₀¹ e^(x²−x) dx ఇచ్చారనుకోండి. దీనికి మనకు తెలిసిన ఫంక్షన్లతో రాయగలిగే యాంటీ డెరివేటివ్ లేదు. సబ్‌స్టిట్యూషన్, బై పార్ట్స్ అంటూ ఎన్ని పేజీలు నింపినా రాదు. ఈఏపీసెట్లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి నిమిషం పైచిలుకు. రానిదాన్ని తవ్వుతూ అందులో ఐదు నిమిషాలు పోగొట్టుకుంటే ఆ నష్టం మిగతా పేపరంతా భరించాలి.

పనికొచ్చే సూత్రం ఒక్కటే. [a, b] మీద f కంటిన్యుయస్ అయి, అక్కడ దాని కనిష్ఠ విలువ m, గరిష్ఠ విలువ M అయితే,

m(b − a) ≤ ∫ f(x) dx ≤ M(b − a), a నుంచి b వరకు.

దీన్ని బొమ్మగా గుర్తుపెట్టుకోండి. f పాజిటివ్ అనుకుంటే, వెడల్పు b − a ఉన్న రెండు డబ్బాలు గీయండి. ఒకటి m ఎత్తున, ఇంకొకటి M ఎత్తున. చిన్న డబ్బా వక్రం కింద పూర్తిగా ఇమిడిపోతుంది. పెద్ద డబ్బాలో వక్రమే ఇమిడిపోతుంది. కాబట్టి వక్రం కింది వైశాల్యం ఆ రెండు డబ్బాల వైశాల్యాల మధ్యే ఉండాలి. ఇందులో గుణకారం ఎవరూ తప్పు చేయరు. తప్పు జరిగేది m, M పట్టుకోవడంలో.

పోయిన ఏడాది మా క్లాసులో పైన ఇచ్చిన లెక్కే బోర్డు మీద వేశాను. వెనక బెంచీ నుంచి ఒకబ్బాయి లేచాడు.

"సార్, దీనికి హద్దులెందుకు? విలువే వచ్చేసింది. ఒకటి!"

"ఎలా వచ్చిందిరా?"

"సున్నా దగ్గర e పవర్ జీరో, ఒకటి. ఒకటి దగ్గర కూడా e పవర్ జీరో, ఒకటే. m ఒకటి, M ఒకటి. మధ్యలో ఇరుక్కున్నది కూడా ఒకటే కదా సార్!"

"సరే, మధ్యలో సగం దగ్గర వేసి చూడు."

x = 1/2 పెట్టాడు. x² − x అంటే 1/4 − 1/2, అంటే −1/4. e^(−1/4) సుమారు 0.78. వాడి కనిష్ఠం కంటే కిందకి దిగిపోయింది. వాడు నవ్వేసి కూర్చున్నాడు గానీ, ఆ తప్పు వాడొక్కడిది కాదు. m, M అనగానే రెండు చివరల దగ్గర విలువలు వేసేయడం చాలామందికి అలవాటు. ఫంక్షన్ మధ్యలో లోయలా దిగి మళ్లీ ఎక్కితే ఆ లోయ అడుగు చివరల్లో కనపడదు.

దీన్ని సరిగ్గా చేద్దాం. e^t ఎప్పుడూ పెరిగే ఫంక్షనే కాబట్టి, పైనున్న x² − x ఎక్కడ చిన్నదో, ఎక్కడ పెద్దదో చూస్తే సరిపోతుంది. దాని డెరివేటివ్ 2x − 1. ఇది x = 1/2 దగ్గర సున్నా. ఆ బిందువు [0, 1] లోపలే ఉంది. ఇప్పుడు మూడు చోట్ల విలువలు పోల్చాలి: x = 0 దగ్గర 0, x = 1/2 దగ్గర −1/4, x = 1 దగ్గర 0. కాబట్టి m = e^(−1/4), M = 1, వెడల్పు 1. జవాబు e^(−1/4) ≤ I ≤ 1, అంటే సుమారు 0.78 నుంచి 1 వరకు. అసలు విలువ 0.85 చుట్టుపక్కల ఉంటుంది. సరిగ్గా ఒకటి అయితే కాదు.

ఇదే ఫంక్షన్‌ని 0 నుంచి 2 వరకు ఇస్తే తప్పు ఇంకా దొంగచాటుగా వస్తుంది. చివరలు మాత్రమే చూస్తే 1, e². వెడల్పు 2 కాబట్టి 2 ≤ I ≤ 2e² అని రాసేస్తారు. అసలు విలువ సుమారు 3.6, కాబట్టి ఈ అసమానత నిజమే! కానీ 1 అనేది కనిష్ఠం కాదు. అదృష్టం కొద్దీ నిజమైంది, మనం చూపించిన కారణంతో కాదు. కనిష్ఠం ఇక్కడా e^(−1/4), కాబట్టి ఈ పద్ధతి ఇచ్చే కింది హద్దు 2e^(−1/4). ఇలాంటి తప్పును కాలిక్యులేటర్ కూడా పట్టివ్వదు. ఆప్షన్లలో మాత్రం రెండూ పక్కపక్కనే ఉంటాయి.

అందుకని చివరల విలువలు వేసే ముందు ఒక ప్రశ్న వేసుకోండి. ఈ అంతరంలో ఫంక్షన్ మొదటి నుంచి చివరి దాకా పెరుగుతూనే ఉందా, లేదా తగ్గుతూనే ఉందా? అవునని చూపించగలిగితే చివరలు చాలు. చూపించలేకపోతే డెరివేటివ్ సున్నా అయ్యే చోట్లు, |x| లాంటివాటిలో డెరివేటివే లేని చోట్లు, ఆ తర్వాత చివరలు, అన్నీ వేసి పోల్చాలి.

భిన్నం వచ్చినచోట ఇంకో రకం జారుడు ఉంది. ఉదాహరణకు π/4 నుంచి π/3 వరకు (sin x)/x. కొందరు పైదాన్ని, కిందదాన్ని విడివిడిగా తీసుకుంటారు. sin x కనిష్ఠం √2/2, x గరిష్ఠం π/3. ఆ రెండిటినీ భాగించి, వెడల్పు π/12 తో గుణిస్తే కింది హద్దు √2/8 వస్తుంది. పైహద్దుకు అటుదిటు చేస్తే √3/6. ఇది తప్పు కాదు. కానీ చాలా వదులు. sin x చిన్నదయ్యేది π/4 దగ్గర, x పెద్దదయ్యేది π/3 దగ్గర. ఒకే x దగ్గర ఆ రెండూ జరగవు. అంటే మనం తీసుకున్న ఎత్తు ఆ ఫంక్షన్ ఎక్కడా తీసుకోని ఎత్తు.

మొత్తం భిన్నాన్ని ఒకే ఫంక్షన్‌గా చూడండి. దాని డెరివేటివ్ (x cos x − sin x)/x². పైభాగాన్ని cos x (x − tan x) అని రాయొచ్చు. 0 కి, π/2 కి మధ్య tan x ఎప్పుడూ x కంటే పెద్దదే, కాబట్టి డెరివేటివ్ నెగెటివ్, ఫంక్షన్ తగ్గుతూనే ఉంటుంది. ఇప్పుడు ధైర్యంగా చివరలు వాడొచ్చు. π/4 దగ్గర 2√2/π, π/3 దగ్గర 3√3/(2π). వెడల్పు π/12 తో గుణిస్తే √3/8 ≤ I ≤ √2/6, అంటే సుమారు 0.217 నుంచి 0.236 వరకు. విడివిడిగా చేసినప్పుడు వచ్చింది 0.177 నుంచి 0.289 వరకు. రెండు జవాబుల్లోనూ అవే √2, √3, 6, 8. స్థానాలు మాత్రమే మారాయి. తొందరలో చూస్తే కళ్లు మోసపోతాయి. రెండూ ఆప్షన్లలో ఉంటే రెండూ నిజమైన అసమానతలే, కానీ ఫంక్షన్ అసలు గరిష్ఠ కనిష్ఠాలతో వచ్చే ఇరుకైనదే వాళ్లు అడిగింది.

హారంలో మాత్రమే మార్పు ఉంటే పని తేలిక, తలకిందులైంది గుర్తుంటే చాలు. 0 నుంచి 2π వరకు 1/(10 + 3cos x) తీసుకోండి. హారం 7 నుంచి 13 వరకు తిరుగుతుంది. హారం పెద్దదైనప్పుడు భిన్నం చిన్నది. కాబట్టి 2π/13 ≤ I ≤ 2π/7. దీని అసలు విలువ 2π/√91 అని వస్తుంది. √91 సుమారు 9.54, సరిగ్గా 7 కి 13 కి మధ్య పడింది.

వెడల్పుతో గుణించడం మర్చిపోవడం చిన్న తప్పే గానీ మార్కు పూర్తిగా పోతుంది. 1 నుంచి 3 వరకు √(3 + x³) లో m = 2, M = √30. "2, √30" అని ఆప్షన్ కనపడగానే టిక్కు పెట్టేస్తారు. వెడల్పు 2 ఉంది కదా. జవాబు 4 ≤ I ≤ 2√30, అంటే 4 నుంచి 10.95 వరకు.

ఇంత వెడల్పైన హద్దు చూసి కొందరికి అనుమానం వస్తుంది, ఏదో తప్పు చేశామేమోనని. తప్పేమీ లేదు, ఈ పద్ధతి ఇచ్చేది ఇంతే. ఇంకా ఇరుకు కావాలంటే అంతరాన్ని ముక్కలు చేయాలి. 2 దగ్గర కోస్తే అక్కడి విలువ √11, సుమారు 3.32. మొదటి ముక్కలో కనిష్ఠం 2, రెండో ముక్కలో 3.32, కలిపితే కింది హద్దు 5.32. పైహద్దు 3.32 + 5.48, అంటే 8.79. హద్దుల మధ్య దూరం 6.95 నుంచి 3.48 కి, సగానికి పడింది. ఇది కాకతాళీయం కాదు. పెరుగుతూనే ఉండే ఫంక్షన్‌కి సమాన ముక్కలు చేస్తే ఆ దూరం ఎప్పుడూ ఒక ముక్క వెడల్పు ఇంటూ చివరి విలువల తేడా. నాలుగు ముక్కలు చేస్తే ఇంకో సగం తగ్గుతుంది. ఇక్కడి అసలు విలువ సుమారు 6.9.

లిమిట్స్ తిరగేసి ఇస్తే, అంటే పైన 1, కింద 3 ఉంటే, ముందు మైనస్ పెట్టి మామూలు క్రమంలోకి తెచ్చుకుని అప్పుడే హద్దులు వేయండి. లేకపోతే అసమానత గుర్తులు తారుమారవుతాయి.

చివరిగా, కంటిన్యుయస్ అన్న మాట. 0 నుంచి 1 వరకు 1/√x కి గరిష్ఠ విలువే లేదు, సున్నా దగ్గర ఆకాశానికి ఎగిరిపోతుంది. పైహద్దు ఈ దారిలో రాదు, ఇంటిగ్రల్ విలువ మాత్రం 2. అలాగే −1 నుంచి 1 వరకు 1/x². యాంటీ డెరివేటివ్ −1/x వేసి, లిమిట్స్ పెట్టి −2 అని రాసేవాళ్లను ఏటా చూస్తూనే ఉంటాను. ఆ అంతరంలో ఫంక్షన్ నిర్వచితమైన ప్రతిచోటా 1 లేదా అంతకంటే ఎక్కువ. వెడల్పు 2. విలువంటూ ఉంటే కనీసం 2 ఉండాలి, మైనస్ ఎక్కడి నుంచి వచ్చింది? మధ్యలో సున్నా దగ్గర ఫంక్షన్ తెగిపోయింది, ఆ ఇంటిగ్రల్‌కి విలువే లేదు. m(b − a) వేయడానికి పది సెకన్లు పడుతుంది. నేరుగా ఇంటిగ్రేట్ చేసిన లెక్కల్లో కూడా టిక్కు పెట్టే ముందు ఆ పది సెకన్లు పెట్టండి.