ఇంటి ఉత్తరాలు, 6వ పాఠం: డిశ్చార్జి సమ్మరీలో తప్పు దిద్దమని అడగడం

పోయిన పాఠంలో కేస్‌షీటు నకలు ఇమ్మని ఆసుపత్రికి ఉత్తరం రాయడం చూశాం. మీరు పంపినవన్నీ చదివాను. సగానికి పైగా ఉత్తరాల్లో చివర ఒక వాక్యం కనిపించింది: "ఇన్సూరెన్స్ వచ్చేలా సమ్మరీ మార్చి ఇవ్వగలరు." అందుకే ఈసారి అనుకున్న పాఠం పక్కన పెట్టి దీన్నే తీసుకున్నాను.

ఆ వాక్యం చదివిన మెడికల్ సూపరింటెండెంటుకు మీరు డబ్బు కోసం రికార్డు మార్చమంటున్నట్టే ఉంటుంది. నిజంగా తప్పు పడినా ఆయన వెనకాడతారు. పైగా మీ ఉత్తరం కేస్‌షీటుతోపాటు ఫైల్లోనే ఉండిపోతుంది. రేపు బీమా కంపెనీ విచారణకు మనిషిని పంపితే ఆయన తిరగేసేదీ ఆ ఫైలునే. కాబట్టి ఉత్తరంలో క్లెయిము ఊసు ఒక్కసారి, అదీ తొందర ఎందుకో చెప్పడానికే రావాలి. దిద్దమనడానికి కారణం మాత్రం ఆసుపత్రి సొంత కాగితమే కావాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నాన్నగారు పక్షవాతంతో చేరారు. పాలసీ తీసుకుని రెండేళ్లయింది. బీపీ ఆరు నెలల క్రితమే బయటపడింది. సమ్మరీలో మాత్రం "బీపీ 6 సంవత్సరాలుగా" అని టైపయింది. దాన్నిబట్టి చూస్తే జబ్బు పాలసీకి ముందే ఉందని, ప్రపోజల్ ఫారంలో దాచారని అవుతుంది. పక్షవాతానికి బీపీతో సంబంధం ఉంది కాబట్టి క్లెయిము అక్కడే ఆగిపోతుంది.

ఇప్పుడు కేస్‌షీటు తెరవండి. చేరిన రోజు డ్యూటీ డాక్టరు చేత్తో రాసిన పేజీలో బీపీ పక్కన "6/12" అని ఉంది. డాక్టర్ల రాతలో 6/12 అంటే ఆరు నెలలు, 6/52 అంటే ఆరు వారాలు, 6/7 అంటే ఆరు రోజులు. సమ్మరీ తయారుచేసినవాళ్లు ఆరును తీసుకుని పన్నెండును వదిలేశారు. ఈ పేజీ, బీపీ మొదట కనిపెట్టిన రోజు ఓపీ చీటీ, రెండూ చేతిలో ఉంటే ఉత్తరం చిన్నదైపోతుంది:

"మెడికల్ సూపరింటెండెంట్ గారికి,
మా నాన్నగారు (పేరు, ఐపీ నంబరు) ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మీ ఆసుపత్రిలో చికిత్స పొందారు. డిశ్చార్జి సమ్మరీ మొదటి పేజీలో, పూర్వ చరిత్ర కింద 'బీపీ 6 సంవత్సరాలుగా' అని ఉంది. చేరిన రోజు మీ డాక్టరు రాసిన నోట్సులో ఇది 6/12, అంటే 6 నెలలు. మొదటి ఓపీ చీటీ తేదీ కూడా దీనికి సరిపోతుంది. రెండింటి నకళ్లూ జతచేశాను. దయచేసి మీ రికార్డుతో సరిచూసి, సవరించిన సమ్మరీని చికిత్స చేసిన డాక్టరు గారి సంతకం, సీలు, తేదీతో ఇవ్వగలరు. పాత తేదీ సమ్మరీ బదులు ఇది ఇచ్చినట్టు అందులో ఒక వాక్యం ఉండాలని మనవి. క్లెయిము గడువు ఫలానా తేదీ కాబట్టి ఆలోపు ఇప్పించగలరు."

పాత సమ్మరీ బదులు ఇచ్చినట్టు వాక్యం ఉండాలన్న మనవి వదిలేయకండి. ఒకే ఐపీ నంబరుతో రెండు రకాల సమ్మరీలు కనబడితే ఏది నమ్మాలన్న ప్రశ్న వస్తుంది. కౌంటరులో ఎవరైనా పెన్నుతో "సంవత్సరాలు" కొట్టేసి "నెలలు" అని రాసిస్తే తీసుకోవద్దు. అది మీరే దిద్దినట్టు కనిపిస్తుంది.

ఉత్తరం రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ఇన్‌వార్డు స్టాంపు వేయించుకోండి. నేనైతే ఒక నకలు చికిత్స చేసిన డాక్టరుకు నేరుగా ఇస్తాను, సంతకం పెట్టాల్సింది ఆయనే కదా. పోయినసారి చెప్పిన 72 గంటల గడువు రికార్డుల నకళ్లకే, దిద్దుబాటుకు వర్తించదు. క్లెయిము గడువు దాటేలా ఉంటే స్టాంపు పడిన ప్రతిని జతచేసి, సవరణ కోరామని బీమా కంపెనీకి ముందే రాయండి.

కొందరు అడిగారు: చేర్చేటప్పుడు కంగారులో మేమే "ఆరేళ్లు" అని చెప్పాం, డాక్టరూ అదే రాశారు, ఏం చేయాలి? అప్పుడు ఆసుపత్రి తప్పు లేదు. "మేం పొరపాటున చెప్పాం, ఇదిగో మొదటి ఓపీ చీటీ" అని రాసి, పాత రాత అలాగే ఉంచి, కింద వివరణ చేర్చమని అడగాలి. చేర్చాలా వద్దా అన్నది డాక్టరు చూసి నిర్ణయిస్తారు. నిజంగానే ఆరేళ్లుగా బీపీ ఉంటే ఈ ఉత్తరం రాయకూడదు.

అభ్యాసం: మీ ఇంట్లో ఉన్న ఏదైనా పాత డిశ్చార్జి సమ్మరీ తీయండి. చేరిన తేదీ, ఏ పక్కన ఆపరేషన్, పాత జబ్బులు ఎన్నాళ్లుగా ఉన్నాయి అన్నవి ల్యాబు రిపోర్టులతో, ఓపీ చీటీలతో, బిల్లుతో పోల్చండి. తేడా దొరికితే ఉత్తరం రాయండి. దొరక్కపోతే, ఎడమ మోకాలి ఆపరేషన్ సమ్మరీలో కుడి మోకాలని పడిందనుకుని పది వాక్యాల్లో రాయండి. మీ ఆధారం ఆసుపత్రిలోని ఏ కాగితమో మూడో వాక్యంలోపు చెప్పాలి.