పాత సిమ్ పోయాక ఈ-ఫైలింగ్‌లోకి ఎలా వెళ్లాలి?

జీతం మీద ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్ను వేసేవాళ్లకు మామూలుగా జూలై 31 గడువు. ఫోన్ నంబర్ మారిన సంగతి చాలామందికి అప్పుడే గుర్తొస్తుంది. మా బావమరిది అలాగే చిక్కుకున్నాడు. పాత సిమ్ ఎప్పుడో ఆగిపోయింది, పాస్‌వర్డ్ గుర్తులేదు. "బ్యాంకులో కొత్త నంబర్ ఇచ్చాను కదా, ఇక్కడెందుకు మారలేదు?" అని ఒకటే గొడవ.

మారదు. బ్యాంకులో ఒక నంబర్, ఆధార్‌లో ఒకటి, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్ ప్రొఫైల్‌లో ఒకటి ఉంటాయి. ఒకచోట మారిస్తే మిగతా రెండూ కదలవు.

పాస్‌వర్డ్ గుర్తుంటే పెద్ద టెన్షన్ లేదు. పాన్ నంబరే యూజర్ ఐడీ. లాగిన్ అయి My Profileలో కాంటాక్ట్ వివరాలు మార్చుకుంటే, ఓటీపీ కొత్త నంబర్‌కే వస్తుంది. అయితే ఎప్పుడో e-Filing Vaultలో అదనపు భద్రత పెట్టుకుని ఉంటే, పాస్‌వర్డ్ ఒక్కదానితోనే లోపలికి రానివ్వదు.

పాస్‌వర్డ్ కూడా పోతే Forgot Password నొక్కాలి. ఆధార్‌లో ఉన్న మొబైల్ నంబర్ కొత్తదైతే ఆధార్ ఓటీపీతో పని అయిపోతుంది, పాన్‌తో ఆధార్ లింక్ అయి ఉంటే చాలు. మా వాడి ఆధార్‌లో కూడా పాత నంబరే. కానీ బ్యాంకులో కొత్తది ఉంది. కాబట్టి నెట్ బ్యాంకింగ్‌లోకి వెళ్లి, అక్కడున్న ఈ-ఫైలింగ్ లింక్ ద్వారా నేరుగా పోర్టల్‌లోకి దిగాడు. ఇది నడవాలంటే ఆ ఖాతాకు పాన్ జోడించి ఉండాలి. లోపలికి వెళ్లగానే ముందు మొబైల్, ఈమెయిల్ మార్చి, తర్వాతే పాస్‌వర్డ్ మార్చాడు. నంబర్ మార్చకుండా రిటర్ను మొదలుపెడితే మళ్లీ అదే గోడ.

ఏ దారీ లేకపోతే పోర్టల్ హెల్ప్‌డెస్క్‌కు రాయాలి. పాన్ కార్డు స్కాన్, ఫొటో ఉన్న గుర్తింపు రుజువు, చిరునామా రుజువు, ఎందుకు అడుగుతున్నారో చెప్పే సంతకం చేసిన లేఖ సిద్ధం చేసుకోండి. కాపీల మీద కూడా సంతకం చేయండి. పాన్‌లో ఉన్న పేరు, పుట్టిన తేదీ ఆ కాగితాల్లో ఉన్నవాటితో అక్షరం తేడా లేకుండా కలవాలి. ఇది నిదానంగా జరిగే పని, జూలై ఆఖరి వారానికి పెట్టుకోకండి.

సిమ్ మార్చబోయేవాళ్లు పాతది ఇంకా పనిచేస్తుండగానే మూడు చోట్లా కొత్త నంబర్ ఎక్కించండి. ఆధార్‌లో మొబైల్ మార్చడానికి కాగితాలేమీ అడగరు. కేంద్రానికి వెళ్లి వేలిముద్ర వేస్తే చాలు, కానీ నమోదు కావడానికి కొన్ని రోజులు పట్టొచ్చు. రద్దయిన నంబర్‌ను 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. అప్పుడు మీ ఓటీపీలు వాళ్ల ఫోన్‌లో మోగుతాయి.