ఇద్దరి నిద్ర తీరు వేరైతే పరుపు, మంచం ఎత్తు ఎలా ఎంచుకోవాలి?

ఒకరు పక్కకి తిరిగి పడుకుంటారు, ఇంకొకరు బోర్లా. ఇలాంటి జంట చాలాసార్లు రాజీపడి ‘మీడియం’ పరుపు తెచ్చుకుంటారు, చివరికి అది ఇద్దరికీ నప్పదు.

1. ముందు ఇద్దరి బరువు, పడుకునే తీరు విడివిడిగా రాసుకోండి. భార్య 55 కిలోలు, పక్కకి తిరిగి పడుకుంటారు. భర్త 85 కిలోలు, బోర్లా పడుకుంటారు, మోకాళ్ల నొప్పి కూడా ఉంది అనుకుందాం. ఆమెకి భుజం, తుంటి పరుపులోకి కాస్త దిగాలి, లేదంటే తెల్లారేసరికి చెయ్యి తిమ్మిరెక్కుతుంది. ఆయనకి నడుము కిందికి జారకూడదు. పైగా ఒకే పరుపు బరువైన మనిషికి మెత్తగా, తేలికైన మనిషికి గట్టిగా అనిపిస్తుంది, అందుకే ఒకరు బాగుందంటే సరిపోదు.

2. షాపులో కూర్చుని చూడటం దండగ. ఇంట్లో పడుకునే భంగిమలోనే 10, 15 నిమిషాలు పడుకోండి, పక్కనున్నవాళ్లని వీపు వైపు నుంచి చూడమనండి. పక్కకి తిరిగినప్పుడు మెడ నుంచి తుంటి దాకా వెన్ను తిన్నగా ఉండాలి. తుంటి దిగిపోతే పరుపు మెత్తన. భుజం పైకి నెట్టుకొచ్చి, నడుము కింద చెయ్యి సులువుగా దూరిపోతే గట్టి.

3. ఇద్దరి అవసరం బాగా తేడాగా ఉంటే ఒకే మందం ఉన్న రెండు సింగిల్ పరుపులు, ఎవరికి తగ్గ గట్టిదనం వాళ్లకి, ఒకే మంచం మీద పక్కపక్కన వేసుకోండి. ఒకరు దొర్లినా రెండోవాళ్లకి కుదుపు తక్కువ. మధ్యలో సందు ఇబ్బంది పెడితే రెంటినీ కలిపి బెల్టు బిగించి, పైన టాపర్ అనే పల్చని పరుపు పరిస్తే సరి. ఒకే పరుపు కొనాలంటే మాత్రం గట్టిది తీసుకుని ఆమె వైపు మెత్తటి టాపర్ వేయండి, ఆ పక్క కాస్త ఎత్తవుతుంది గానీ అలవాటవుతుంది. మెత్తటి పరుపుని మాత్రం టాపర్ గట్టిపరచలేదు.

4. పరుపు తేలాకే మంచం. నేల నుంచి మోకాలి వెనక మడత దాకా ఇద్దరికీ కొలవండి, ఆమెకి 41 సెం.మీ., ఆయనకి 46 వచ్చిందనుకోండి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి తక్కువ ఎత్తు నుంచి లేవడం కష్టం కాబట్టి ఆయన కొలతే పట్టుకోవాలి, ఆమె అంచుకి జరిగితే పాదాలు నేలకి ఆనాలి, అంతే. కూర్చుంటే అంచు 3 సెం.మీ. దిగుతుందనుకుంటే పరుపు పైభాగం 49 ఉండాలి. పరుపు మందం 20 అయితే దాన్ని మోసే పలకలు 29 దగ్గర ఉండాలి. మంచం పక్కచెక్కల ఎత్తు కొలిచి మోసపోకండి, పరుపు వాటి లోపలికి దిగి ఉంటుంది.

రెండు ఎత్తుల మధ్య తేల్చుకోలేకపోతే తక్కువదే కొనండి. మంచం కోళ్ల కింద దిమ్మలు పెట్టి పెంచుకోవచ్చు, కోళ్లు కోయించడం మాత్రం తలనొప్పి.