పాత ఇటుక గోడకు వేడి ఆపే పొర బయట వేయాలా, లోపల వేయాలా: ఈశాన్య వానలకు ముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వంటి ఊళ్లలో సున్నంతో కట్టిన పాత ఇటుక ఇళ్లున్నవారు ఎండల ధాటికి తట్టుకోలేక, పడమటి గోడకు ఇన్సులేషన్ చేయించాలని ఈ మధ్య తరచుగా అడుగుతున్నారు. ఇందుకు రెండు దారులున్నాయి. గోడకు బయటివైపు థర్మోకోల్ లేదా రాక్‌వూల్ పలకలు అతికించి, వాటిపై మెష్ పరిచి పూత వేయడం ఒకటి. లోపలివైపు ఇనుప ఛానళ్లు బిగించి, మధ్య ఖాళీలో ఇన్సులేషన్ నింపి, జిప్సం బోర్డుతో మూసేయడం రెండోది. రెండోది చవక, వారంలో పూర్తవుతుంది, ఇంటి ముఖం మారదు. అందుకే చాలామంది దానికే మొగ్గుతారు. ఏసీ వేసే గదిలో, మన కోస్తా గాలిలో, అదే ఎక్కువ ప్రమాదమని నా అభిప్రాయం.

వేడిని ఆపే లెక్కలో రెండింటికీ పెద్ద తేడా లేదు. 9 అంగుళాల ఇటుక గోడకు 2 అంగుళాల థర్మోకోల్ ఎటువైపు వేసినా, గోడ గుండా లోపలికి వచ్చే వేడి సుమారు నాలుగో వంతుకు తగ్గుతుంది. తేడా అంతా చెమ్మ విషయంలోనే ఉంది. బ్రిటన్ వంటి చలి దేశాలలో ఇల్లు లోపల వెచ్చగా, బయట చల్లగా ఉంటుంది కనుక ఆవిరి లోపలి నుంచి బయటికి పోతుంది. అందుకే అక్కడ బోర్డు వెనుక, గది వైపున, ఆవిరిని ఆపే ప్లాస్టిక్ పొర వేస్తారు. మనకు దిక్కు తిరగబడుతుంది. నవంబరులో బయట 28 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్న రోజున ఆ గాలికి 25 డిగ్రీల కంటే చల్లనిది ఏది తగిలినా దానిపై నీటి బొట్లు కడతాయి. ఏసీ 24లో నడిచే గదిలో జిప్సం బోర్డు వెనుక ముఖం సరిగ్గా అంత చల్లగానే ఉంటుంది. పైగా వానకు నానిన గోడపై మరునాడు ఎండ కాస్తే, ఇటుకలోని నీరు ఆవిరై గది వైపుకు నెట్టుకొస్తుంది. అక్కడ ప్లాస్టిక్ పొరగానీ, వినైల్ వాల్‌పేపరుగానీ, ఆయిల్ పెయింటుగానీ అడ్డుపడితే ఆ నీటికి బయటపడే దారి ఉండదు.

నెల్లూరు మూలాపేటలో మా పెదనాన్నగారి ఇంట్లో జరిగింది ఇదే. పడకగది పడమటి గోడ 16 అడుగుల పొడవు, 11 అడుగుల ఎత్తు. ఏప్రిల్‌లో లోపల గాజు ఊలు నింపి, ప్లాస్టిక్ పొర వేసి, బోర్డు కట్టించి, వాల్‌పేపరు అంటించారు. మే నెలంతా గది హాయిగా ఉంది. నవంబరు వానలు మొదలైన మూడు వారాలకు మంచం దగ్గర ముక్కవాసన మొదలైంది. వాల్‌పేపరు పైకి బాగానే కనిపించడంతో ఎవరూ గోడను అనుమానించలేదు. జనవరిలో కిందివైపు రెండడుగుల మేర బోర్డు ఊడదీసి చూస్తే, వెనుక కాగితం నల్లగా బూజుపట్టి ఉంది, ఊలు నీరు పీల్చి కిందికి జారిపోయింది, ఛానళ్ల అడుగు తుప్పుపట్టింది, స్విచ్‌బోర్డు పెట్టెలో తేమ చేరింది. బయట సున్నపు పూతలో వెంట్రుకవాసి పగుళ్లున్నాయి. వాటి గుండా నీరు గోడలోకి దిగుతోందని ముందుగా చూసినవారు లేరు.

కనుక ఏ దారి ఎంచుకున్నా, మొదట గోడ ఎంత పొడిగా ఉందో చూడాలి. లోపలి గోడపై రెండడుగుల పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో బిగించి 24 గంటలు ఉంచండి. గోడ వైపు బొట్లు పడితే చెమ్మ గోడలో ఉంది. గది వైపు పడితే అది గది గాలిలోనిది. చవుడు పట్టి కిందిభాగం పెచ్చులూడుతుంటే నేల నుంచి నీరు పైకి పాకుతోందని అర్థం. అది ఆగకుండా దానిపై ఏ పొర వేసినా చెమ్మ మరింత పైకి ఎక్కుతుంది. పిట్టగోడ పైభాగం, వాన గొట్టాలు, సజ్జా మొదలు కూడా ముందే బాగుచేయాలి. మిద్దె పైకప్పుకు ఇంకా ఏమీ చేయించనివారు గోడ కంటే ముందు దాని పని చూడడం మేలు.

బయటి పనిలో పాత పూతను సుత్తితో తట్టి, డొల్లగా మోగినచోట్ల తీసేసి, సున్నపు పూతతో సమం చేయించాలి. పలక వెనుక జిగురును నాలుగు అంచుల వెంట పట్టీలా, మధ్యలో మూడు ముద్దలుగా పెట్టాలి. ముద్దలు మాత్రమే పెడితే పలకల వెనుక గాలి, నీరు తిరుగుతాయి. తుపాను గాలికి పలకలు కదిలేదీ అక్కడే. జిగురు ఆరాక చదరపు మీటరుకు 6 చొప్పున ప్లాస్టిక్ యాంకర్లు దించాలి. మా పెదనాన్నగారి గోడంత కొలతకు సుమారు 100 పడతాయి. పాత ఇళ్లలో సున్నపు సందులో దిగిన యాంకరు చేతితో లాగితే వచ్చేస్తుంది కనుక అది ఇటుకలోనే, కనీసం 2 అంగుళాలు దిగాలి. ముందు నాలుగైదింటిని పరీక్షించి చూడడం తప్పనిసరి. క్షారానికి తట్టుకునే ఫైబర్ మెష్‌ను పూత తడిగా ఉండగానే లోపలికి నొక్కి, అతుకుల దగ్గర 4 అంగుళాలు ఒకదానిపై ఒకటి ఎక్కించాలి. కిటికీ మూలల్లో ఏటవాలుగా అదనపు ముక్క వేయకపోతే మొదటి వేసవికే అక్కడ పగులుతుంది. అట్టడుగు పలక నేలకు అడుగు ఎత్తులో మొదలుకావాలి. నేలను తాకితే చెదలు కనపడకుండా వెనుక నుంచి ఎక్కుతాయి, వాన చిందులు పలకలోకి చేరతాయి. గోడ రెండున్నర అంగుళాలు లావెక్కుతుంది కాబట్టి కిటికీ గడపరాయిని కూడా ముందుకు పొడిగించి, కింద నీరు తెగి పడే గాడి పెట్టించాలి. ఈ చిన్న పని మరిస్తే నీరు పూత వెనుకకు దిగుతుంది. థర్మోకోల్ మంటను వ్యాపింపజేస్తుంది కనుక మీటరు బోర్డు, వంటింటి కిటికీల చుట్టూ రాక్‌వూల్ వాడాలి. ఇంతా చేశాక లోపలివైపు మాత్రం సున్నపు వెల్లే ఉంచాలి. అక్కడ ఆయిల్ పెయింటు వేస్తే గోడ ఆరే దారి మూసినట్టే.

పక్కింటి గోడ కలిసి ఉన్నా, సందు ఇరుకైనా, ముందువైపు చెక్కడపు పని ఉన్నా బయటి పూత కుదరదు. అప్పుడు లోపల వేయవలసి వస్తే, ఖాళీ వదలకుండా కాల్షియం సిలికేట్ పలకలను ఒక అంగుళం మందంతో, సున్నపు జిగురుతో గోడకు పూర్తిగా ఆనించి అతికించండి. ప్లాస్టిక్ పొర, వాల్‌పేపరు వద్దు. ఏసీని 26 కంటే తగ్గించకండి. బయటి పగుళ్లను మూసి, ఒక వానకాలం గడిచేవరకు గోడను చూశాకే పని మొదలుపెట్టండి. ఏసీ లేని గదిలో లోపలి పొర అసలు దండగ. గదిలోని వేడిని పీల్చి ఉంచుకునే ఇటుక గోడ గుణం గదికి అందకుండా పోతుంది.

బయటి పనికి జనవరి చివరి నుంచి మార్చి వరకు అనువైన కాలం. మే నెలలో పడమటి గోడపై మధ్యాహ్నం పూత వేస్తే నీరు ముందే ఎగిరిపోయి పూత పొడిపొడిగా రాలుతుంది. తప్పనిసరైతే గోడకు నీడ కట్టి ఉదయం పూటే వేయించాలి. ఎండలో వారాల తరబడి వదిలేసిన థర్మోకోల్ పసుపు పొడి పడుతుంది కాబట్టి దాన్ని గరుకు కాగితంతో రుద్ది తీసేశాకే పూత పూయాలి. ఆగస్టు దాటిన తర్వాత కొత్తగా పలకలు అతికించడం మొదలుపెట్టవద్దు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పటిలాంటి గాలివానకు, మెష్ పడని పలకల వెనుకకు చేరిన నీరు తర్వాత వేసే పూత కింద చిక్కుకుపోతుంది. అప్పుడు పలకలు తీసి, గోడ ఆరేదాకా ఆగి, పని మళ్లీ మొదటి నుంచి చేయించాలి.