క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటు చదవడం – మూడవ పాఠం: మినిమమ్ డ్యూ మాత్రమే కట్టిన నెల

గత రెండు పాఠాలలో స్టేట్‌మెంటు మొదటి పేజీలో ఉండే తేదీలను, దాని వెనుక వచ్చే లావాదేవీల పట్టికను చదవడం నేర్చుకున్నాం. ఈ పాఠంలో ఒకే కార్డుకు సంబంధించిన రెండు వరుస స్టేట్‌మెంట్లను పక్కపక్కన పెట్టుకుని, మొదటి దానిలో అడిగిన మినిమమ్ డ్యూను మాత్రమే చెల్లిస్తే రెండవ దానిలో ఫైనాన్స్ ఛార్జీ అనే వరుస ఎక్కడి నుంచి పుట్టుకొస్తుందో కాగితం మీద లెక్క వేసి చూద్దాం. స్టేట్‌మెంటులో పాఠకులను ఎక్కువగా తికమకపెట్టే వరుస ఇదే, ఎందుకంటే బ్యాంకు మొత్తాన్ని ముద్రిస్తుంది కాని ఆ మొత్తం ఎలా వచ్చిందో సాధారణంగా చూపించదు.

మన ఉదాహరణలోని కార్డుకు ప్రతి నెలా 15వ తేదీన స్టేట్‌మెంటు తయారవుతుంది, చెల్లింపునకు ఆ తరువాత 20 రోజుల గడువు ఉంటుంది, వడ్డీ రేటు నెలకు 3.5 శాతం. ఏడాదికి అది 42 శాతం అవుతుంది. ఖాతాదారు జూన్ 1న రూ. 40,000 పెట్టి ఒక వస్తువు కొన్నాడు. అంతకుముందు బాకీ ఏమీ లేదు. జూన్ 15 నాటి స్టేట్‌మెంటులో టోటల్ అమౌంట్ డ్యూ రూ. 40,000, మినిమమ్ అమౌంట్ డ్యూ రూ. 2,000, గడువు తేదీ జూలై 5 అని ఉంటాయి.

ముందుగా వడ్డీ లేని గడువు సంగతి చూద్దాం. ఈ కార్డు మీద మే 16న, అంటే బిల్లింగ్ సైకిల్ మొదలైన రోజున, ఏదైనా కొంటే జూలై 5 వరకు 50 రోజులు దొరుకుతాయి. అదే జూన్ 15న కొంటే దొరికేది 20 రోజులే. ప్రకటనలలో కనిపించే ‘50 రోజుల వరకు’ అనే మాటలోని ‘వరకు’ అక్కడ ఉన్నది ఇందుకే. అయితే ఈ గడువు ఎన్ని రోజులన్నదాని కంటే అది ఏ షరతు మీద దొరుకుతుందన్నది ముఖ్యమైన విషయం: స్టేట్‌మెంటులోని టోటల్ అమౌంట్ డ్యూను గడువు తేదీలోగా పూర్తిగా చెల్లించినప్పుడే అది వర్తిస్తుంది. కిందటి నెల బిల్లులో కొంతైనా మిగిలిపోతే వడ్డీ లేని గడువు నిలిచిపోతుందన్న సంగతిని కార్డు షరతుల పత్రంలో ప్రత్యేకంగా, ఉదాహరణలతో వివరించాలని రిజర్వు బ్యాంకు 2022 నాటి మాస్టర్ డైరెక్షన్‌లో కార్డు సంస్థలను ఆదేశించింది. కార్డుతో పాటు వచ్చే ఆ పత్రాన్ని ఎవరూ తెరవరు గాని, మీ బ్యాంకు వడ్డీ ఎలా లెక్కిస్తుందో తెలుసుకోవడానికి అందులోని ఉదాహరణే అన్నిటికంటే నమ్మదగిన ఆధారం.

ఇప్పుడు మన ఖాతాదారు జూలై 5న రూ. 2,000 మాత్రమే చెల్లించాడు. దానివల్ల అతనికి లేటు ఫీజు పడదు, క్రెడిట్ రిపోర్టులో చెల్లింపు తప్పినట్టు నమోదు కాదు. మినిమమ్ డ్యూ కొనిపెట్టేది ఈ రెండింటినే. వడ్డీని అది ఆపదు. తరువాత అతను జూలై 10న ఇంకొక రూ. 10,000 కార్డు మీద ఖర్చు చేశాడు. జూలై 15 నాటి స్టేట్‌మెంటు వచ్చింది.

ఆ స్టేట్‌మెంటులోని ఫైనాన్స్ ఛార్జీని మూడు ముక్కలుగా లెక్క వేయాలి. ప్రతి ముక్కకూ సూత్రం ఒకటే: బాకీ ఉన్న మొత్తాన్ని, అది బాకీగా ఉన్న రోజుల సంఖ్యతోనూ, ఏడాది వడ్డీ రేటుతోనూ గుణించి 365తో భాగించాలి.

మొదటి ముక్క చాలామంది ఊహించనిది. వడ్డీ గడువు తేదీ నుంచి మొదలవుతుందని అనుకుంటారు; కాని వడ్డీ లేని గడువు రద్దయిన తరువాత లెక్క వస్తువు కొన్న రోజుకే వెనక్కి వెళ్తుంది. జూన్ 1 నుంచి జూలై 4 వరకు, రెండు తేదీలనూ కలుపుకుని, 34 రోజుల పాటు పూర్తి రూ. 40,000 బాకీగా ఉంది కాబట్టి 40,000 × 34 × 0.42 ÷ 365 = రూ. 1,564.93.

రెండవ ముక్క జూలై 5న చెల్లింపు జమ అయిన తరువాతిది. మిగిలిన రూ. 38,000 మీద జూలై 15 వరకు 11 రోజులకు రూ. 480.99 అవుతుంది.

మూడవ ముక్క కొత్త కొనుగోలుది. పాత బాకీ ఉన్నంత కాలం కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు దొరకదు కాబట్టి, జూలై 10న ఖర్చు చేసిన రూ. 10,000 మీద ఆ రోజు నుంచే వడ్డీ మొదలై, ఆరు రోజులకు రూ. 69.04 అయింది. మొత్తం చిన్నదే అయినా ఈ ముక్కను గుర్తించడం అవసరం, ఎందుకంటే బాకీ ఉంచుకుని అదే కార్డును రోజువారీ ఖర్చులకు వాడేవారికి నెలలు గడిచేకొద్దీ పెరిగేది ఇదే.

మూడూ కలిపితే ఫైనాన్స్ ఛార్జీ రూ. 2,114.96. దాని మీద 18 శాతం జీఎస్టీ రూ. 380.69 వేరే వరుసలో వస్తుంది. రెండూ కలిసి రూ. 2,495.65, అంటే అతను కట్టిన రెండు వేల కంటే ఎక్కువ. కొత్త టోటల్ అమౌంట్ డ్యూ రూ. 50,495.65.

మీ లెక్కకూ స్టేట్‌మెంటుకూ కొన్ని రూపాయల తేడా వస్తే కంగారు పడనవసరం లేదు. కొన్ని బ్యాంకులు కొన్న తేదీ నుంచి కాక లావాదేవీ ఖాతాలో నమోదైన తేదీ నుంచి లెక్కిస్తాయి, మరికొన్ని చెల్లింపు జరిగిన రోజును కూడా పాత బాకీలోనే కలుపుతాయి. తేడా వందల్లో ఉంటే మాత్రం మూడు విషయాలు వెతకాలి: నగదు విత్‌డ్రా చేసిన వరుస ఏదైనా ఉందా (దానికి వడ్డీ లేని గడువు అసలే ఉండదు), మీరు కట్టిన డబ్బు ఏ తేదీన జమ అయినట్టు చూపించారు, బాకీ రుసుముల మీద, పన్నుల మీద కూడా వడ్డీ వేశారా. ఈ చివరిదానికి అనుమతి లేదు. చెల్లించని ఛార్జీలను, పన్నులను అసలులో కలిపి వడ్డీ లెక్కించకూడదని అదే మాస్టర్ డైరెక్షన్ చెబుతుంది. అటువంటిది కనిపిస్తే తేదీలతో సహా లెక్క రాసి బ్యాంకును వివరణ అడగవచ్చు.

ఇక జూలై స్టేట్‌మెంటులోని మినిమమ్ డ్యూ వైపు చూడండి. జూన్‌లో రెండు వేలుగా ఉన్నది ఇప్పుడు రూ. 4,895.65 అయింది. బ్యాంకు పొరపాటు చేసిందని ఫోను చేసేవారు ఉంటారు గాని, ఇది పొరపాటు కాదు. మన కార్డులో మినిమమ్ డ్యూ అంటే కొనుగోళ్ల బాకీలో 5 శాతం, దానికి తోడు ఆ నెల వడ్డీ, జీఎస్టీ పూర్తిగా. రూ. 48,000లో 5 శాతం రూ. 2,400, దానికి రూ. 2,495.65 కలిపితే పై మొత్తం వస్తుంది. మినిమమ్ డ్యూ కడుతూ పోయినా అప్పు పెరుగుతూ పోయే పరిస్థితి రాకుండా ఆ మొత్తాన్ని నిర్ణయించాలన్న నిబంధన ఉంది కాబట్టి వడ్డీ అంతా ఇందులోకి వచ్చి తీరాలి. కార్డు మీద ఈఎంఐ ఏదైనా నడుస్తుంటే ఆ నెల వాయిదా కూడా సాధారణంగా పూర్తిగా ఇందులోనే కలుస్తుంది. అంటే ఇందులో అసలు అప్పును తగ్గించేది ఆ రూ. 2,400 మాత్రమే. బ్యాంకు యాప్‌లో చెల్లింపు తెర తెరిచినప్పుడు మినిమమ్ డ్యూ మీట టోటల్ డ్యూ మీట పక్కనే అంతే పరిమాణంలో కనిపిస్తుంది. ఆ రెండూ సమానమైన ఎంపికలు కావన్న సంగతి ఆ తెర చెప్పదు.

లేటు ఫీజు గురించి కొద్దిగా చెప్పుకుంటే చాలు. జూలై 5న మన ఖాతాదారు రెండు వేలు కూడా కట్టకపోయి ఉంటే, పైన లెక్కించిన వడ్డీకి అదనంగా బాకీ శ్రేణిని బట్టి నిర్ణయించిన లేటు ఫీజు, దాని మీద జీఎస్టీ పడేవి. గడువు దాటి మూడు రోజులకు మించితేనే లేటు ఫీజు వేయాలని, క్రెడిట్ సమాచార సంస్థలకు తెలియజేయాలని నియమం. కాబట్టి జూలై 8లోగా మినిమమ్ డ్యూ జమ అయితే ఆ రెండూ తప్పుతాయి. మూడు రోజులు దాటిన తరువాత మాత్రం ఆలస్యాన్ని గడువు తేదీ నుంచే లెక్కిస్తారు. ఈ మూడు రోజుల వెసులుబాటు లేటు ఫీజుకే గాని వడ్డీకి కాదు. మొత్తం బాకీని జూలై 7న కట్టినా, గడువు తప్పింది కాబట్టి వడ్డీ పడవచ్చు.

ఒక్క ప్రశ్న మిగిలింది. మన ఖాతాదారు బుద్ధి తెచ్చుకుని ఆగస్టు 4 గడువు రోజున రూ. 50,495.65 మొత్తం కట్టేశాడు, మధ్యలో కొత్తగా ఏమీ కొనలేదు. ఆగస్టు 15 స్టేట్‌మెంటు సున్నా చూపించాలి కదా. చాలా బ్యాంకులలో అలా చూపించదు. జూలై 16 నుంచి ఆగస్టు 3 వరకు 19 రోజుల పాటు కొనుగోళ్ల బాకీ రూ. 48,000 అలాగే ఉంది. ఆ రోజుల వడ్డీ జూలై స్టేట్‌మెంటు అచ్చయ్యేనాటికి ఇంకా పుట్టలేదు. అందువల్ల రూ. 1,049.42 వడ్డీ, రూ. 188.90 జీఎస్టీ కలిపి రూ. 1,238.32 ఆగస్టులో కనిపిస్తాయి. అంతా కట్టేశానన్న ధీమాతో ఆ స్టేట్‌మెంటును తెరవకుండా వదిలేసేవారే దీనికి లేటు ఫీజు కూడా తెచ్చుకుంటారు. బాకీ తీర్చదలచిన రోజున బ్యాంకుకు ఫోను చేసి, ఆ రోజు వరకు పోగైన వడ్డీతో సహా ఎంత కట్టాలో అడిగి కట్టడం దీనికి మార్గం.

అభ్యాసం: ఇవే తేదీలు, ఇదే రేటు ఉంచుకుని, జూలై 5న ఖాతాదారు రెండు వేలకు బదులు రూ. 38,000 కట్టాడని, కేవలం రూ. 2,000 మిగిల్చాడని అనుకుని జూలై 15 స్టేట్‌మెంటులోని ఫైనాన్స్ ఛార్జీని లెక్కించండి. మీరు మూడు ముక్కలనూ సరిగ్గా వేసి ఉంటే, జీఎస్టీ కలపకముందు మీకు రూ. 1,659.29 రావాలి. మీకు వంద రూపాయల లోపు మొత్తం వచ్చిందంటే మొదటి ముక్కను వదిలేశారన్నమాట. జూన్ 1 నుంచి మళ్లీ మొదలుపెట్టండి. తిరిగి ఇచ్చేసిన వస్తువుకు వచ్చే రీఫండ్‌ను స్టేట్‌మెంటులో ఎలా చదవాలో నాల్గవ పాఠంలో చూద్దాం.