గడియారం మారిన వారం అమ్మ ఫోనూ, ఆఫీసు మీటింగూ ఢీకొంటే: సమస్య - పరిష్కారం

డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఇంటి నుంచే పని చేస్తాను. మా మేనేజరు న్యూయార్క్‌లో, టెస్టింగ్ టీమ్ హైదరాబాద్‌లో, అమ్మానాన్నలు తెనాలిలో ఉంటారు. ఈ మూడు చోట్ల గడియారాలతో నేను పడ్డ ఇబ్బందులు, వాటికి దొరికిన దారులు ఇవి. లెక్కలన్నీ డాలస్ టైముకి వేశాను. మీ ఊరికి తేడా మారుతుంది గానీ పద్ధతి ఇదే.

సమస్య: ఎనిమిది నెలలు సాఫీగా నడిచిన రోజు, నవంబర్‌లో ఒక సోమవారం తారుమారైంది

అప్పటిదాకా నా పొద్దుటి వరస ఇలా ఉండేది. 8:30కి అమ్మతో మాట్లాడేవాణ్ని, అక్కడ సాయంత్రం 7. తర్వాత 9కి న్యూయార్క్ వాళ్లతో స్టాండప్. 10కి హైదరాబాద్ టీమ్‌తో రివ్యూ, వాళ్లకి రాత్రి 8:30. ఆ సోమవారం 7:30కే ఫోన్ మోగింది. ఒక చేత్తో పాప బూటు లేసు కడుతూ, రెండో చేత్తో ఫోన్ ఎత్తి "మళ్లీ చేస్తానమ్మా" అని పెట్టేశాను. 9 అయ్యేసరికి స్టాండప్, రివ్యూ రెండూ ఒకేసారి తెర మీద మోగాయి.

కారణం

అమెరికాలో చాలా రాష్ట్రాలు మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి తిప్పుతాయి. 2026లో అవి మార్చి 8, నవంబర్ 1. ఇండియాలో గడియారం తిప్పరు. కాబట్టి మనకీ ఇంటికీ మధ్య 10:30 గంటల తేడా నవంబర్‌లో 11:30 అవుతుంది.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే. నాకు ఆలస్యంగా అర్థమైంది ఇంకొకటి: క్యాలెండర్లో రోజూ వచ్చే ప్రతి మీటింగూ ఏదో ఒక ఊరి గడియారానికి కట్టేసి ఉంటుంది. స్టాండప్ పెట్టింది న్యూయార్క్ మనిషి. అక్కడా ఇక్కడా గడియారం ఒకేసారి మారుతుంది కనుక అది 9 దగ్గరే నిలబడింది. రివ్యూ పెట్టింది హైదరాబాద్ మనిషి. వాళ్లకి 8:30 అంటే 8:30యే, కాబట్టి మనవైపు 10 నుంచి 9కి జారింది. అమ్మ ఫోనూ అంతే. దేన్ని ఏ గడియారానికి కట్టారో తెలుసుకోవాలంటే క్యాలెండర్లో అక్టోబర్ చివరి వారం, నవంబర్ రెండో వారం పక్కపక్కన చూడండి. గంట జరిగినవన్నీ ఇండియా గడియారానివే.

పరిష్కారం

గడియారం మారడానికి రెండు వారాల ముందే, మారిన తర్వాతి వారం తెరిచి ఢీకొనేవి వెతకండి. కనిపిస్తే ఆ మీటింగ్ పెట్టిన మనిషినే మార్చమని అడగాలి. మన క్యాలెండర్లో మనం జరుపుకుంటే మిగతావాళ్లకి మారదు.

రివ్యూని గంట ఆలస్యంగా పెడదామన్న మాట మా దగ్గర వచ్చింది. అంటే హైదరాబాద్ వాళ్లకి రాత్రి 9:30. అది అన్యాయమని నాకు గట్టిగా అనిపించింది. వాళ్లకీ పిల్లలు, భోజనాలు ఉంటాయి. చివరికి నవంబర్ నుంచి మార్చి దాకా రివ్యూని వాళ్ల రాత్రి 8కి తెచ్చాం. మాకు అది పొద్దున 8:30, అరగంటలో ముగించి 9కి స్టాండప్‌కి వెళ్తాం. వాళ్లకి అరగంట కలిసొచ్చింది.

గూగుల్ క్యాలెండర్ సెట్టింగ్స్‌లో "Display secondary time zone" పెట్టుకుంటే రెండు ఊళ్ల గంటలు పక్కపక్కన కనిపిస్తాయి. మనసులో లెక్క వేసుకునే పని తప్పుతుంది. లండన్ వాళ్లతో కూడా పని చేసేవారు ఇంకో మాట గుర్తుపెట్టుకోవాలి. అక్కడ గడియారం మారేది మార్చి, అక్టోబర్ నెలల చివరి ఆదివారాల్లో. మధ్యలో కొన్ని వారాలు లండన్‌తో తేడా కూడా గంట మారిపోతుంది.

సమస్య: ఇంటికి రోజూ ఫోన్ చేస్తున్నా మాట్లాడినట్టు ఉండదు

"ఏరా, వింటున్నావా?" అని అమ్మ రెండోసారి అడిగిందంటే నా కళ్లు అప్పటికే ఆఫీసు మెసేజీల మీద ఉన్నాయన్నమాట.

శ్రద్ధ లేక కాదు, మనం ఎంచుకున్న వేళ అలాంటిది. ఇండియా సాయంత్రం 7 నుంచి 9 దాకా ఉన్న సమయం మీద అందరి కన్నూ ఉంటుంది. హైదరాబాద్ టీమ్ దొరికేదీ అప్పుడే, అమ్మానాన్నలు తీరిగ్గా ఉంటారని మనం అనుకునేదీ అప్పుడే. ఆఫీసుతో పోటీ వచ్చినప్పుడు వాయిదా పడేది ఇంటి ఫోనే.

అందుకే ఆ ఫోన్‌ని వాళ్ల పొద్దుటికి మార్చాను. అమ్మ అయిదున్నరకే లేస్తుంది. 6:30కి పాలు కాగి, కాఫీ గ్లాసుతో వసారాలో కూర్చుంటుంది. అప్పుడు మాకు వేసవిలో రాత్రి 8, నవంబర్ తర్వాత 7. ఆఫీసు అయిపోయి ఉంటుంది. ముఖ్యంగా పాప మెలకువగా ఉంటుంది. ఇదివరకు పొద్దున్నే బడికి పరిగెత్తే హడావిడిలో నానమ్మకి చెయ్యి ఊపి వెళ్లిపోయేది. ఇప్పుడు పప్పన్నం తింటూ బడి కబుర్లన్నీ చెబుతుంది.

దీన్ని క్యాలెండర్లో పెట్టేటప్పుడు టైము పక్కనున్న "Time zone" నొక్కి "India Standard Time - Kolkata" ఎంచుకోండి. పెద్దవాళ్ల దినచర్య కదలకుండా మన వైపే గంట జరుగుతుంది. జరగాల్సింది మనమే కదా.

సమస్య: అర్ధరాత్రి ఒంటిగంటన్నరకి ఇంటి నుంచి ఫోన్

ఎత్తేలోపు గుండె ఆగినంత పనవుతుంది. తీరా చూస్తే గ్యాస్ బుకింగ్ ఓటీపీ గురించి. వాళ్లకి మధ్యాహ్నం పన్నెండు, మనకి ఎంతో లెక్క తోచదు. 10:30 గంటలు వెనక్కి లెక్కపెట్టడం ఎవరికైనా కష్టమే. అందుకని ఫ్రిజ్ మీద అంటించమని నాన్నగారికి ఇలా రాసిచ్చాను:

"మార్చి నుంచి నవంబర్ దాకా మన టైముకి గంటన్నర కలపాలి. నవంబర్ నుంచి మార్చి దాకా అరగంట కలపాలి. తర్వాత పగలైతే రాత్రి, రాత్రయితే పగలు."

మధ్యాహ్నం పన్నెండుకి గంటన్నర కలిపితే ఒకటిన్నర, తిప్పితే రాత్రి. ఇప్పుడు నాన్నగారు నాకంటే వేగంగా చెప్పేస్తున్నారు. న్యూయార్క్‌లో ఉన్నవాళ్లకి ఇదే లెక్క రెండున్నర, ఒకటిన్నర గంటలు.

అయినా నిజంగా అవసరం వస్తే ఫోన్ మోగి తీరాలి. డూ నాట్ డిస్టర్బ్‌లో ఒకే నంబరు నుంచి వెంటవెంటనే వచ్చే రెండో కాల్‌ని అనుమతించే సౌకర్యం ఉంటుంది. ఐఫోన్‌లో 3 నిమిషాల లోపు, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో 15 నిమిషాల లోపు రెండోసారి చేయాలి. వాట్సాప్ మీద ఆధారపడకుండా మామూలు కాల్ చేయమనండి. ఒకసారి పగలు వాళ్లతో చేయించి, మీ ఫోన్ మోగిందో లేదో చూసుకోండి.

సమస్య: ముహూర్తం టైము సరిగ్గానే లెక్కేశాను, రోజు తప్పింది

శుభలేఖలో "గురువారం రాత్రి 2:30 గంటలకు, తెల్లవారితే శుక్రవారం" అని ఉంటుంది. మా చిన్నాన్న కూతురి పెళ్లి డిసెంబర్‌లో. శుక్రవారం అన్న మాట పట్టుకుని నేను శుక్రవారం మధ్యాహ్నం సెలవు పెట్టాను. ఇండియాలో శుక్రవారం తెల్లవారుజామున 2:30 అంటే డాలస్‌లో గురువారం మధ్యాహ్నం 3. నేను లైవ్ లింకు తెరిచేసరికి తలంబ్రాలు అయిపోయి దాదాపు ఒక రోజు.

శుభలేఖ రాగానే ఆ టైముని ఇండియా టైమ్ జోన్‌తో క్యాలెండర్లో వేసి, అది మీ వైపు ఏ రోజు మీద పడిందో చూశాకే సెలవు అడగండి. ఎక్కించేటప్పుడు గురువారం కింద కాకుండా తెల్లవారే తేదీ కింద వేయాలి.