నాలుగో పాఠం: వారపు ధోరణి, 75 నిమిషాల చార్టు మీద ఎంట్రీ

గత పాఠంలో ఒకే చార్టు మీద స్వింగ్ హైలను, స్వింగ్ లోలను గుర్తించడం నేర్చుకున్నాం. ఇప్పుడు అదే పనిని మూడు చార్టుల మీద చేసి, వారపు చార్టు చూపిన దిశలోనే చిన్న చార్టు మీద షేరు కొనే పద్ధతిని చూద్దాం. అమ్మకం వైపు లెక్క వేరుగా ఉంటుంది కనుక దాన్ని ఇక్కడ కలపడం లేదు.

ముందు చార్టుల ఎంపిక. ఎన్‌ఎస్‌ఈలో ఉదయం 9:15 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు సాగే సెషన్ 375 నిమిషాలు. గంట చార్టు పెడితే చివర 15 నిమిషాల పొట్టి క్యాండిల్ ఒకటి మిగిలిపోతుంది. 75 నిమిషాల చార్టులో రోజుకు సరిగ్గా ఐదు క్యాండిళ్లు వస్తాయి. సెలవు లేని వారంలో రోజువారీ క్యాండిళ్లూ ఐదే కాబట్టి, వారపు, రోజువారీ, 75 నిమిషాల చార్టులు ఒక్కో మెట్టుకు ఐదు రెట్ల తేడాతో అమరుతాయి. వారపు చార్టు నుంచి నేరుగా ఐదు నిమిషాల చార్టుకు దిగితే అక్కడి కదలికకూ వారపు ధోరణికీ పొంతన కనిపించదు.

ఒక ఊహాజనిత షేరును తీసుకుందాం. వారపు చార్టులో దాని స్వింగ్ లోలు 398, 431. స్వింగ్ హైలు 452, 486. 20 వారాల ఈఎంఏ పెరుగుతూ 440కి చేరింది, గత శుక్రవారం ముగింపు 462. ధోరణి పైకే ఉంది. వారపు ముగింపు 431 కిందికి వస్తే ఈ నిర్ణయం చెల్లదని కూడా అప్పుడే రాసిపెట్టుకోవాలి.

మరుసటి వారం సోమవారం నుంచి బుధవారం వరకు ధర తగ్గి, రోజువారీ చార్టులో పాత హై అయిన 452 పరిసరాలకు వచ్చింది. 75 నిమిషాల చార్టులో మాత్రం ఇది 463, 458, 455 అంటూ ఒకదాని కంటే ఒకటి తక్కువైన హైలతో దిగుతున్న ధోరణిగా కనిపిస్తుంది, అట్టడుగు ధర 446. మనం ఎదురుచూడవలసింది ఈ చిన్న దిగుడు ఆగడం కోసమే. గురువారం 10:30 నుంచి 11:45 వరకు నడిచిన క్యాండిల్ 455 దాటి 456.50 వద్ద ముగిసింది. తర్వాతి క్యాండిల్‌లో 457కు కొని, స్టాప్‌లాస్‌ను 445 వద్ద పెడతాం.

షేరుకు నష్టభయం 12 రూపాయలు. రెండు లక్షల పెట్టుబడిలో ఒక శాతం, అంటే 2,000 రూపాయలు మాత్రమే పోగొట్టుకోవడానికి సిద్ధపడితే 166 షేర్లు కొనవచ్చు. పాత హై 486 వరకు 29 రూపాయల దూరం ఉంది, అంటే నష్టభయానికి దాదాపు 2.4 రెట్లు. ఇదే కొనుగోలుకు వారపు లో కింద, 430 వద్ద స్టాప్‌లాస్ పెట్టి ఉంటే నష్టభయం 27 రూపాయలై, వచ్చేదీ పోయేదీ దాదాపు సమానమయ్యేవి. చిన్న చార్టు వల్ల కలిగే లాభం ఇదే. దీనికి మూల్యం కూడా ఉంది: వారపు ధోరణి చెక్కుచెదరకుండానే 445 తగిలి మనం బయటపడవచ్చు. అందుకే స్టాప్‌లాస్ దూరాన్ని గత 14 రోజుల సగటు కదలికతో పోల్చాలి. ఆ సగటు 10 రూపాయలైతే 12 సరిపోతుంది. అయిదారు రూపాయల స్టాప్‌లాస్ మామూలు ఊగిసలాటకే తగులుతుంది. పైగా శుక్రవారం ధర 438 వద్ద గ్యాప్‌తో తెరుచుకుంటే నష్టం 2,000 దగ్గర ఆగదు, 3,154 అవుతుంది.

ఎక్కువమంది పొరపాటు పడేది వారం మధ్యలో. మరో షేరు గత శుక్రవారం 438 వద్ద, 440 ఉన్న ఈఎంఏ కింద ముగిసిందనుకుందాం. బుధవారం అది 447కు చేరగానే ఇంకా పూర్తికాని వారపు క్యాండిల్ ఆకుపచ్చగా మారి ఈఎంఏ పైన కనిపిస్తుంది. చూసినవారు ధోరణి మారిందని కొంటారు, శుక్రవారం అది 436 వద్ద ముగుస్తుంది. నెల తర్వాత అదే చార్టును తిరిగి చూస్తే, బుధవారపు పచ్చదనం స్థానంలో పైన ఒక సన్నని నీడ మాత్రమే మిగిలి ఉంటుంది. పాత చార్టుల మీద సాధన చేసినప్పుడు చక్కగా పనిచేసిన పద్ధతి నిజమైన వ్యాపారంలో తడబడటానికి, నా అనుభవంలో, ఇదే ముఖ్యమైన కారణం. అందువల్ల వారపు నిర్ణయాన్ని శుక్రవారం ముగింపు తర్వాతే తీసుకుని, తిరిగి శుక్రవారం వరకు మార్చకూడదు. మన గురువారపు కొనుగోలు కూడా 462 ముగింపు మీద తీసుకున్న నిర్ణయంతోనే జరిగింది.

కొన్న తర్వాత 75 నిమిషాల చార్టును మూసివేయడం మంచిది. ఎంట్రీ కోసం తెరిచిన చార్టును చూసి బయటపడితే, 486 కోసం కొన్న షేరును 463 దగ్గర మొదటి తడబాటుకే అమ్మేస్తాం. రోజువారీ చార్టులో కొత్త స్వింగ్ లో ఏర్పడినప్పుడు మాత్రమే స్టాప్‌లాస్‌ను దాని కిందికి జరపాలి.

అభ్యాసానికి ఏదైనా ఒక షేరు పాత చార్టును ఒక శుక్రవారం దగ్గర ఆపి, వారపు నిర్ణయాన్ని తేదీతో రాయండి. తర్వాత 75 నిమిషాల క్యాండిళ్లను ఒక్కొక్కటిగా జరుపుతూ 25 క్యాండిళ్లు, అంటే వారం పాటు, ఎంట్రీ కోసం చూడండి. ఈఎంఏ బల్లపరుపుగా ఉండి వారపు ధోరణే తేలని షేర్లను పక్కన పెట్టండి. వాటి సంగతి అయిదో పాఠంలో.